లాగితే రాని ఉంగరం

ఉంగరం ఇరుక్కుందని తెలియగానే ఎవరైనా చేసే మొదటి పని దాన్ని పట్టుకుని లాగడం. రెండో పని ఇంకా గట్టిగా లాగడం. పావుగంట గడిచేసరికి వేలు ఎర్రగా కంది, కణుపు దగ్గర చర్మం దోక్కుపోయి, ఉంగరం మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు ఇంట్లో తలా ఒక సలహా ఇస్తారు. ఒకరు సబ్బు రాయమంటారు, ఒకరు నెయ్యి పూయమంటారు, ఇంకొకరు ఎక్కడో చూశామంటూ దారం పట్టుకొస్తారు. చిత్రమేమిటంటే ఈ సలహాల్లో చాలావరకు పనికొచ్చేవే. ఏది ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి అన్నది తెలియకే అవి విఫలమవుతుంటాయి.

వరస తెలియాలంటే ముందు ఉంగరం ఎక్కడ ఆగుతోందో చూడాలి. ఉంగరం ఉండేది వేలి మొదట్లో. బయటికి రావాలంటే అది దాటాల్సింది మధ్య కణుపు. మామూలు రోజుల్లో కూడా చాలామందికి ఉంగరం చుట్టుకొలత కంటే కణుపు చుట్టుకొలతే కాస్త ఎక్కువ. అయినా రోజూ తీసి పెట్టుకోగలుగుతున్నామంటే, కణుపు మీది చర్మం వదులుగా ఉండి అటూ ఇటూ జరుగుతుంది కాబట్టి. ఉంగరాన్ని కాస్త వాలుగా పట్టి తిప్పుతూ, ఒక పక్క ముందు, ఒక పక్క తర్వాత దాటించేస్తాం. లోపలి ఎముక ఉంగరం కంటే సన్నమే. అడ్డుపడేదల్లా ఎముక మీదున్న మెత్తటి భాగం.

వేలు వాచినప్పుడు ఆ మెత్తటి భాగంలోకి నీరు చేరుతుంది. చర్మం బిగిసి, జరిగే గుణం పోతుంది. పైగా ఉంగరమే వాపును పెంచడం మొదలుపెడుతుంది. వేలికి రక్తం తెచ్చే ధమనులు రెండు పక్కలా కాస్త లోతుగా ఉంటాయి, వాటిలో ఒత్తిడి ఎక్కువ. రక్తాన్ని వెనక్కి తీసుకెళ్లే సిరలు ఎక్కువగా వేలి పైవైపున, చర్మానికి దగ్గరగా ఉంటాయి, వాటిలో ఒత్తిడి తక్కువ. బిగుసుకున్న ఉంగరం ముందుగా నొక్కేసేది ఈ సిరలనే. రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి మూసుకుపోతుంది. దాంతో వాపు పెరుగుతుంది, వాపు పెరిగితే ఉంగరం ఇంకా బిగుస్తుంది, బిగుసుకుంటే మళ్లీ వాపు. ఇది ముదిరితే చివరికి ధమనులు కూడా నొక్కుకుపోయి వేలికి రక్తమే అందదు. కాబట్టి ఇరుక్కున్న ఉంగరం విషయంలో 'రేపు చూద్దాంలే' అన్న మాట కొన్నిసార్లు చెల్లుతుంది, కొన్నిసార్లు చెల్లదు. ఏది ఎప్పుడో తేల్చుకోడానికి గోరు చూస్తే చాలు.

ఉంగరం ఉన్న వేలి గోటిని ఒకసారి గట్టిగా నొక్కి వదలండి. నొక్కినచోట తెల్లబడి, వదలగానే మళ్లీ గులాబీ రంగు రావాలి. రెండు సెకన్లలోపు రంగు తిరిగొస్తే రక్తం అందుతున్నట్టే. రెండో చేతిలో అదే వేలిని కూడా నొక్కి పోల్చి చూసుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. గోరింటాకో గోళ్ల రంగో ఉంటే వేలి కొనను నొక్కి చూడొచ్చు. రంగు బాగా ఆలస్యంగా వస్తున్నా, వేలు నీలంగానో పాలిపోయినట్టుగానో ఉన్నా, చల్లబడినా, తిమ్మిరెక్కి తాకితే తెలియకపోయినా ఇంట్లో ప్రయోగాలు వద్దు. అలాగే దెబ్బ తగిలి ఎముక విరిగిందేమోనన్న అనుమానం ఉన్నా, వేలు వంకర తిరిగినా, కోసుకుపోయిన గాయం ఉన్నా, కాలినా, చీము పట్టినా దారం జోలికి పోకూడదు. ఇలాంటప్పుడు నేరుగా ఆస్పత్రికి వెళ్లి ఉంగరం కోయించుకోవాలి. మధుమేహంతో వేళ్లకు స్పర్శ తగ్గినవారికి నొప్పి హెచ్చరిక అందదు, అందుకని వాళ్లు కూడా ఇంట్లో బలప్రయోగం చేయకపోవడమే మంచిది.

ఇవేవీ లేని మామూలు సందర్భం ఒకటి ఊహించుకుందాం. యాభై దాటిన గృహిణి. ఎడమచేతి ఉంగరపు వేలికి పెళ్లినాటి బంగారు ఉంగరం, 22 క్యారెట్లది, రాయి లేని సాదా కట్టు. లోపలి చుట్టుకొలత 54 మిల్లీమీటర్లు. పెరట్లో పూలు కోస్తుంటే కందిరీగ ఆ వేలి మీదే కుట్టింది. ముప్పావుగంటకు వేలు ఉబ్బింది. కణుపు దగ్గర టేపు పెట్టి కొలిస్తే 60 మిల్లీమీటర్లు. గోరు నొక్కితే రంగు వెంటనే వస్తోంది, వేలు వెచ్చగానే ఉంది, తాకితే తెలుస్తోంది. ఆవిడకు దద్దుర్లు, ఆయాసం, ముఖం వాపు లాంటివి లేవు (అవి ఉంటే ఉంగరం సంగతి పక్కనపెట్టి ముందు 108కి ఫోన్ చేయాల్సిందే). ఆవిడ ఉంగరాన్ని పట్టుకుని గుంజుతుంటే కోడలు చూసింది.

"అత్తయ్యా, లాగకండి. ముందు ఆ చెయ్యి పైకెత్తి పెట్టుకోండి."

"పైకెత్తితే ఊడిపోతుందా?"

"ఊడదు. వాపు దిగుతుంది."

కోడలు చెప్పిందే సరైన మొదటి మెట్టు. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంటే వేలిలో నిలిచిన నీరూ రక్తమూ కిందికి జారే అవకాశం ఉంటుంది. మంచం మీద పడుకుని, చేతిని రెండు దిండ్ల మీద పెట్టుకోవచ్చు, లేదా మోచేతిని బల్లకు ఆనించి వేళ్లు పైకి ఉండేలా కూర్చోవచ్చు. పది నిమిషాలైనా అలా ఉంచాలి. చాలామంది రెండు నిమిషాలకే విసుగొచ్చి దించేస్తారు.

చల్లదనం కూడా ఇదే సమయంలో పడాలి. ఇక్కడే ఒక చిన్న చిక్కుంది. చన్నీళ్ల గిన్నెలో వేలు ముంచాలంటే చెయ్యి కిందికి దించాలి. దించితే ఎత్తి పెట్టినందువల్ల వచ్చిన లాభం పోతుంది. అందుకని ఫ్రిజ్‌లోని నీళ్లలో నాలుగు ఐసు ముక్కలు వేసి, గిన్నెను ఎత్తయిన బల్ల మీద పెట్టి, కుర్చీలో కిందికి కూర్చుని వేలు ముంచితే కొంత నయం. అంతకంటే సులువైనది, ఆ నీళ్లలో చేతిరుమాలు తడిపి పిండి, ఎత్తి ఉంచిన వేలికి చుట్టి, వెచ్చబడ్డప్పుడల్లా మార్చడం. ఐసు ముక్కను నేరుగా చర్మానికి ఆనించి ఉంచకూడదు, చర్మం దెబ్బతింటుంది. ఐదు నుంచి పది నిమిషాలు చాలు. చలికి వేళ్లు తెల్లగా, నీలంగా మారే జబ్బు ఉన్నవారు ఈ మెట్టు వదిలేయాలి. చల్లదనం రక్తనాళాలను ముడుచుకునేలా చేసి, వేలిలోకి వచ్చే రక్తాన్ని తగ్గిస్తుంది. అప్పటికే చేరిన నీటిని అది బయటికి తోడదు, ఆ పని ఎత్తి ఉంచడం చేస్తుంది. అందుకే రెండూ కలిసి ఉండాలి. వేడినీళ్ల కాపడం మాత్రం ఇక్కడ పూర్తిగా తలకిందులు వైద్యం, నాళాలు విచ్చుకుని వాపు పెరుగుతుంది.

మన ఉదాహరణలోని అత్తగారికి పది నిమిషాల తర్వాత వేలు కొంచెం మెత్తబడింది. కణుపు 58 మిల్లీమీటర్లకు దిగింది. ఇప్పుడు జారుడుకు ఏదైనా రాసి ఒకసారి ప్రయత్నించవచ్చు. కొబ్బరినూనె, వాజిలిన్, గిన్నెలు తోమే లిక్విడ్, సబ్బు నురగ, ఏదైనా ఫరవాలేదు. చర్మం గీసుకుపోయి ఉంటే సబ్బు ద్రవాలు మండుతాయి, నూనె మేలు. ఏది రాశామన్నదానికంటే ఎక్కడ రాశామన్నది ముఖ్యం. ఉంగరం పైన పూసి ఊరుకుంటే లాభం లేదు. ఉంగరాన్ని కొద్దిగా తిప్పుతూ దాని లోపలికి, కింద చర్మం మీదికి చేరేలా చూడాలి, కణుపు చుట్టూ బాగా పట్టించాలి.

ఆ తర్వాత తీసే పద్ధతి కూడా లాగడం కాదు. ఉంగరాన్ని నేరుగా లాగితే కణుపు మీది చర్మం ఉంగరం ముందు ముడతగా పోగుపడుతుంది. ఆ ముడతే గోడలా అడ్డు నిలుస్తుంది. అందుకని ఇద్దరు ఉంటే మంచిది. ఒకరు ఉంగరం వెనక, అంటే అరచేతి వైపున్న చర్మాన్ని మణికట్టు దిశగా వెనక్కి లాగి పట్టుకోవాలి. రెండో మనిషి ఉంగరాన్ని ఒకే దిశలో, మరమేకు తిప్పినట్టు నెమ్మదిగా తిప్పుతూ ముందుకు నెట్టాలి. కణుపును కొద్దిగా వంచితే పైనున్న ముడతలు సాపు అవుతాయి. ఉంగరం కణుపు శిఖరానికి వచ్చాక ఒక పక్కను ముందు దాటించి, రెండో పక్కను తర్వాత దాటించాలి. చాలామంది ఇక్కడే గట్టెక్కుతారు. మన అత్తగారు గట్టెక్కలేదు. ఉంగరం కణుపు మొదట్లోకి వచ్చి ఆగింది. నాలుగైదు నిమిషాలు చూసి కోడలు ఆపేసింది. అది తెలివైన పని, ఎందుకంటే నూనె ప్రయత్నాన్ని అరగంట సాగదీస్తే రాపిడికి మళ్లీ వాపు వస్తుంది, అప్పటిదాకా పడ్డ కష్టమంతా నీటిపాలు.

ఇక దారం. ఆస్పత్రుల అత్యవసర విభాగాల్లో కూడా ఉంగరం కోయకుండా తీయాలనుకున్నప్పుడు వాడే పద్ధతి ఇదే. సూత్రం చిన్నది. వాచిన భాగాన్ని దారంతో దగ్గరదగ్గరగా, బిగుతుగా చుట్టి కాసేపు సన్నగా నొక్కిపెట్టడం, ఆ చుట్ల మీదుగా ఉంగరాన్ని నడిపించడం. ఉంగరం లాగితే రాదు, దారం విప్పుతుంటే వస్తుంది.

ఎలాంటి దారం అన్నదానితో సగం పని తేలిపోతుంది. మందుల షాపుల్లో దొరికే పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ బాగా పనికొస్తుంది. అది నునుపుగా, కాస్త పట్టీలా ఉంటుంది, తెగదు. మాస్కుకు ఉండే సన్నటి ఎలాస్టిక్ ఇంకా మంచిది, కాకపోతే పొడవు చాలదు, టైలరు దగ్గర అలాంటిదే గజం దొరుకుతుంది. మగ్గం పనికి వాడే పట్టు దారాన్ని రెండు మూడు పోగులు కలిపి వాడుకోవచ్చు. మిషను దారం ఒంటిపోగుగా వాడితే చర్మంలోకి దిగి కోసేస్తుంది. పూసలు గుచ్చే నైలాన్ తీగ, చేపల గాలం తీగ అసలే వద్దు. పూలు కట్టే నూలు దారం గరుగ్గా ఉండి ఉంగరాన్ని పట్టేస్తుంది.

ఎంత పొడవు? చాలామంది రెండు జానల దారం తీసుకుని, సగం చుట్టాక అయిపోయిందని తెల్లమొహం వేస్తారు. లెక్క వేసి చూద్దాం. మన ఉదాహరణలో వేలి చుట్టుకొలత ఆరు సెంటీమీటర్లకు దగ్గర. ఉంగరం దగ్గర్నుంచి కణుపు దాటేవరకు కప్పాల్సిన దూరం దాదాపు రెండు సెంటీమీటర్లు. ఒక్కో చుట్టు ఒక మిల్లీమీటరు మేర కప్పుతుందనుకుంటే 20 చుట్లు కావాలి. అంటే 120 సెంటీమీటర్లు. ఉంగరం వెనక ఉంచాల్సిన కొస, చేతితో పట్టుకోడానికి మిగులు కలిపితే మీటరున్నర. కొంచెం ఎక్కువే తీసుకుంటే నష్టం లేదు.

చుట్టే ముందు వేలి మీది నూనెను తుడిచేయాలి. ఇది చాలా చోట్ల చెప్పని సంగతి. నూనె మీద చుట్టిన దారం జారి, చుట్ల మధ్య సందులు వచ్చేస్తాయి. జారుడు కావాల్సింది దారం కింద కాదు, దారం పైన.

ఇప్పుడు దారం ఒక కొసను ఉంగరం కిందుగా, గోటి వైపు నుంచి మణికట్టు వైపుకు దూర్చాలి. అరచేతి వైపు కండ మెత్తగా ఉంటుంది కాబట్టి అక్కడ వేలితో నొక్కితే సందు దొరుకుతుంది. దారం మెత్తగా ఉండి దూరకపోతే జడపిన్నును గానీ పేపర్ క్లిప్పును గానీ తిన్నగా చేసి, మొండి కొసను కొక్కెంలా వంచి, దానితో లాక్కోవచ్చు. సూది మొన వాడకూడదు. ఇవతలికి వచ్చిన కొసను 15-20 సెంటీమీటర్ల మేర మణికట్టు వైపు వదిలి, ఎవరైనా పట్టుకోవాలి. పొడుగాటి కొస గోటి వైపే ఉంటుంది.

పొడుగు కొసతో ఉంగరానికి ఆనుకుని మొదటి చుట్టు మొదలుపెట్టాలి. ఒక చుట్టు పక్కనే మరో చుట్టు, మధ్యలో చర్మం కనబడకుండా, గోటి వైపుగా సాగాలి. బిగువు ఎంత ఉండాలంటే, చుట్టు కింద కండ అణిగి కనిపించాలి. కొంచెం నొప్పి ఉంటుంది, అది సహజం. సందు వదిలితే ఆ సందులోంచి చర్మం చిన్న బుడిపెలా ఉబికి వస్తుంది, ఉంగరం సరిగ్గా అక్కడే తట్టుకుంటుంది. అలాంటి బుడిపె కనిపిస్తే వెనక్కి విప్పి మళ్లీ చుట్టడమే మార్గం, పైనుంచి ఇంకో చుట్టు వేసి కప్పడం కాదు. పైన ఇంకో పొర పడితే ఆ చోట వేలు ఇంకా లావవుతుంది. కణుపు శిఖరం దాటి, వేలు సన్నబడేచోట మరో మూడు నాలుగు చుట్లు వేశాక ఆ కొసను ఆఖరి చుట్టు కింద దోపాలి, లేదా వేలితో నొక్కి పట్టుకోవాలి.

చుట్లన్నీ పూర్తయ్యాక వాటి మీద నూనె పూయాలి. అప్పుడు మణికట్టు వైపు వదిలిన పొట్టి కొసను పట్టుకుని, గోటి వైపుకు వంచి లాగుతూ, ముందు ఏ దిశలో చుట్టామో అదే దిశలో వేలి చుట్టూ తిప్పుతూ విప్పాలి. ఉంగరానికి ఆనుకున్న మొదటి చుట్టు విడుతుంది, విడుతూ ఉంగరాన్ని తన మీదికి లాక్కుంటుంది. ఒక చుట్టుకు ఒక మిల్లీమీటరు. తర్వాత రెండో చుట్టు. ఇలా ఉంగరం అంగుళం అంగుళం కాదు, పోగు పోగు నడుస్తుంది. తొందరపడి గుంజకూడదు. రెండో చేతి వేళ్లతో ఉంగరాన్ని కొద్దిగా తోస్తే చాలు, నడిపించేది దారమే.

కణుపు శిఖరం దగ్గర ఉంగరం మొరాయిస్తుంది. మన అత్తగారికి పదకొండో చుట్టు విడుతుంటే ఆగిపోయింది. కోడలు పొట్టి కొసను అలాగే పట్టుకుని, ఉంగరాన్ని కొంచెం వాల్చి, అరచేతి వైపు అంచును ముందు దాటించింది. ఆ వైపు మెత్తగా ఉంటుంది కాబట్టి ముందు అటే దిగుతుంది. మరో చుట్టు విప్పగానే పైవైపు అంచు కూడా దాటింది. అక్కడ్నుంచి చివరి చుట్ల మీదుగా ఉంగరం దానంతటదే జారి చేతిలో పడింది. చుట్టడం మొదలుపెట్టినప్పటినుంచి నాలుగు నిమిషాలు పట్టింది.

ఆ నాలుగు నిమిషాలూ వేలి కొన ముదురు ఎరుపులోకి, కాస్త నీలంలోకి మారుతుంది. దారం రక్తాన్ని ఆపుతోంది కాబట్టి అది మామూలే. కానీ ఐదు నిమిషాలు దాటి ఆ చుట్లు ఉండకూడదు. ఉంగరం మధ్యలో ఆగిపోయినా సరే, దారం మొత్తం విప్పేసి, చెయ్యి ఎత్తి పెట్టి, పది నిమిషాలు ఊపిరి పీల్చుకున్నాక మళ్లీ చేయవచ్చు. రెండుసార్లు చేసినా రాకపోతే మూడోసారి ఇంట్లో వద్దు. అప్పటికి చర్మం కందిపోయి ఉంటుంది, ప్రతి ప్రయత్నమూ వాపును కొంచెం కొంచెం పెంచుతూ పోతుంది. ఆస్పత్రిలోనైతే వేలికి మత్తు సూది ఇచ్చి ఇదే పద్ధతిని ఇంకా బిగువుగా చేయగలరు.

దారం ఓడిపోయే ఒక పరిస్థితి ముందే తెలుసుకోవచ్చు. కణుపు దగ్గర నొక్కి చూడండి. మెత్తగా ఉండి వేలిగుర్తు కాసేపు గుంటలా మిగిలితే లోపల ఉన్నది నీరు, దాన్ని దారం అణచగలదు. రాయిలా గట్టిగా ఉంటే కీళ్లవాతంతో ఎముకే పెరిగి ఉండొచ్చు. ఎముకను ఏ దారమూ సన్నబరచలేదు. ఇరవై ముప్పై ఏళ్లుగా తీయని ఉంగరాలు వయసు మళ్లినవారి వేళ్లకు ఉండిపోయేది ఎక్కువగా ఇలాగే. రక్తం బాగా అందుతూ, నొప్పి లేకుండా ఉంటే దానికి హడావుడి లేదు, తీరికగా కోయించుకోవచ్చు.

కోయడం అనగానే చాలా ఇళ్లలో ముఖాలు మారిపోతాయి. పెళ్లి ఉంగరాన్ని కోయడం అశుభమన్న భయం ఒకటి, బంగారం పాడైపోతుందన్న బెంగ ఒకటి. మొదటిదానికి నా దగ్గర జవాబు లేదు. రెండోదానికి ఉంది. 22 క్యారెట్ల బంగారం మెత్తటి లోహం. ఉంగరాలు కోసే చిన్న పరికరంలో ఒక సన్నని పళ్ల చక్రం, దాని కింద వేలికి రక్షణగా ఒక పలచటి నాలుక ఉంటాయి. ఆ నాలుకను ఉంగరం కిందికి దోపి, చక్రాన్ని చేత్తో తిప్పుతుంటే రెండు మూడు నిమిషాల్లో తెగుతుంది. రాపిడికి ఉంగరం వేడెక్కుతుంది కాబట్టి మధ్యమధ్య ఆపి నీటిచుక్క వేయాలి. అరచేతి వైపు, రాయికి ఎదురుగా, కట్టు సన్నగా ఉన్నచోట కోస్తే తర్వాత అతుకు కనబడదు. కోశాక రెండు పట్టకార్లతో కొసలను విడదీస్తే వేలు బయటపడుతుంది. కంసాలి దాన్ని టంకం పెట్టి అతికి, ఆకురాయి పట్టి మెరుగుపెడితే కోసిన ఆనవాలు వెతుక్కోవాలి. పోయే బంగారం చక్రం వెడల్పంత పొడి, అంతే.

వెండి, రాగి, పంచలోహం కూడా ఇలాగే తెగుతాయి. శనికి పెట్టుకునే గుర్రపునాడా ఇనుప ఉంగరం, స్టీలు ఉంగరం గట్టివి, ఒకచోట కోసినా విడదీయడానికి లొంగవు, ఎదురెదురుగా రెండుచోట్ల కోయాలి. టైటానియం ఇంకా మొండిది, దానికి కరెంటుతో నడిచే కట్టర్లు కావాలి. ఇప్పుడు మగవాళ్ల చేతుల్లో నల్లగా మెరిసే టంగ్‌స్టన్ కార్బైడ్ ఉంగరాల తీరు వేరు. వాటిని చక్రం కోయలేదు. కానీ అవి పెళుసు. బిగువు సరిచేసుకోగల లాకింగ్ ప్లయరును ఉంగరం మీద కొంచెం కొంచెం బిగిస్తూ పోతే పగులుతాయి. ముక్కలు ఎగురుతాయి కాబట్టి కళ్లకు అద్దాలు ఉండాలి, ఇది తెలిసినవాళ్లే చేయాలి. ఏ లోహమైనా ఇంట్లోని కటింగ్ ప్లయరుతో నొక్కితే తెగకముందే ఉంగరం కోడిగుడ్డు ఆకారంలోకి వంగి వేలిని ఇంకా నొక్కేస్తుంది. ఆస్పత్రిలో పరికరం లేకపోతే అగ్నిమాపక కేంద్రానికి వెళ్లవచ్చు. పిల్లల వేళ్లకు ఇరుక్కున్న నట్లూ బేరింగులూ అలాంటిచోట్లే తీయిస్తుంటారు.

ఇవన్నీ అసలు అవసరం పడకుండా, వాపు రాకముందే తీయాల్సిన సందర్భాలు కొన్ని ఉన్నాయి. చేతికి పాము కరిచినా, తేలు కుట్టినా మొదటి నిమిషాల్లోనే ఆ చేతి ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయాలి. పొలంలో పనిచేసే ఆడవాళ్లకు ఇది తెలిసి ఉండాలి, కరిచింది కాలికైతే మెట్టెలకూ పట్టీలకూ ఇదే వర్తిస్తుంది. చెయ్యి కాలినప్పుడూ, మణికట్టు విరిగినప్పుడూ అంతే, వాపు వేళ్లదాకా దిగుతుంది. ఆపరేషనుకు వెళ్లేముందు నర్సు అడిగేదాకా ఆగకుండా ఇంట్లోనే తీసి పెట్టుకోవడం మంచిది.

గర్భిణుల మాట విడిగా చెప్పుకోవాలి. నెలలు నిండుతున్నకొద్దీ వేళ్లు కొద్దికొద్దిగా వాయడం మామూలే, ఏడో నెల వచ్చేసరికి ఉంగరాలు తీసి దాచుకోవడం చాలా ఇళ్లలో అలవాటే. కానీ ఐదో నెల దాటాక వేళ్లూ ముఖమూ ఒక్కసారిగా వాచి, నిన్న తిరిగిన ఉంగరం ఇవాళ కదలకపోతే, దానితోపాటు తలనొప్పి, చూపు మసకబారడం, పొట్ట పైభాగంలో నొప్పి లాంటివి ఉంటే అది రక్తపోటు బాగా పెరిగిన గుర్తు కావచ్చు. అప్పుడు దారం వెతుక్కుంటూ కూర్చోకుండా అదే రోజు బీపీ చూపించుకోవాలి.

ఉంగరం వచ్చేశాక వేలి మొదట్లో గాడిలాంటి గుర్తు ఉంటుంది, అది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో పోతుంది. సబ్బుతో కడిగి, తుడిచి, చెయ్యి ఇంకాసేపు ఎత్తి పెట్టుకోవాలి. చర్మం తెగి ఉంటే, టీకా వేయించుకుని చాలా ఏళ్లయితే ధనుర్వాతం సూది సంగతి డాక్టరును అడగాలి. తిమ్మిరి ఆ రోజు దాటి ఉండిపోయినా, వేలు వంచడం కష్టమైనా, ఎర్రగా కంది వేడిగా ఉన్నా చూపించుకోవాలి.

వాపు పూర్తిగా తగ్గాక కూడా ఉంగరం మళ్లీ తొడిగేముందు సైజు చూసుకోవాలి. కణుపు దగ్గర బిగుతుగా, మొదట్లో వదులుగా తిరిగే వేళ్లు చాలామందికి ఉంటాయి. కణుపుకు సరిపడా పెంచితే ఉంగరం తిరిగిపోతుంది, మొదటికి సరిపడా చేయిస్తే మళ్లీ ఇరుక్కుంటుంది. అలాంటప్పుడు కణుపుకే సైజు పెట్టి, లోపలివైపు రెండు చిన్న బంగారు బొడిపెలు పెట్టమని కంసాలిని అడిగితే ఉంగరం తిరక్కుండా నిలుస్తుంది. కొలత ఇచ్చేది పొద్దున్నే కాక సాయంత్రం పూట, అందులోనూ ఎండాకాలంలో అయితే మేలు, వేళ్లు అప్పుడే కాస్త లావుగా ఉంటాయి.